బాటిల్ మెడ కింది జిగురు

ఈ రోజు సెలవు. పొద్దున్నే అమ్మాయి తన స్టీలు బాటిల్ మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "అమ్మా, చూడు, మళ్లీ పాచి వాసన. రోజూ కడుగుతూనే ఉన్నాను కదా!" అంది. నిజమే, రోజూ సాయంత్రం అందులో నీళ్లు పోసి, గలగల ఊపి పారబోయడం నేను చూస్తూనే ఉన్నాను. నేను చిటికెనవేలు మెడలోంచి పోనిచ్చి, మెడ కింద లోపలికి వంగిన చోట తడిమాను. వేలు జారింది.

జారిందంటే అక్కడ సూక్ష్మక్రిములు కాపురం పెట్టాయన్నమాట. అవి తమ చుట్టూ జిగురు లాంటి పదార్థాన్ని స్రవించి, దానితోనే గోడను అంటిపెట్టుకుంటాయి. నీళ్లు ఆ జిగురు మీదుగా జారిపోతాయే తప్ప దాన్ని ఊడదీయలేవు. ఎంత ఊపినా రాదు, రుద్దాల్సిందే.

పోయిన వారం నేను చేసిన తప్పు కూడా అదే. వాసన వస్తోందనగానే వంట సోడా కలిపిన నీళ్లు నింపి రాత్రంతా ఉంచాను. మర్నాడు వాసన లేదు. మూడో రోజుకు మళ్లీ మొదలైంది. సోడా వాసనను తగ్గించింది కానీ, దాన్ని పుట్టించే జిగురు గోడకు అలాగే ఉండిపోయింది. అందుకే ఈసారి ముందు జిగురు సంగతి చూశాను, వాసన సంగతి తరువాత.

చెయ్యి పట్టని మెడ కాబట్టి రెండు చెంచాల బియ్యం వేశాను. బాటిల్‌లో నాలుగో వంతు వరకు గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు. నీళ్లు ఎక్కువైతే గింజలు తేలికగా తిరుగుతాయి తప్ప గోడను గట్టిగా రుద్దవు. మరిగే నీళ్లు పోసి మూత బిగించి ఊపకూడదు, లోపల ఒత్తిడి పెరిగి మూత తెరవగానే వేడినీళ్లు ముఖాన చిమ్ముతాయి. ఒక నిమిషం నిలువుగా ఊపాను. ఆ తరువాతిదే అసలు పని: బాటిల్‌ను తలకిందులు చేసి, గింజలు మెడ కింది వంపులో చేరేలా పట్టుకుని గుండ్రంగా తిప్పాను. అక్కడ నిటారు బ్రష్ కూడా సరిగా ఆనదు. అడుగు మెరుస్తూ ఉంటే సరిపోయిందనుకుంటాం, పాచి మాత్రం ఆ వంపు దగ్గర మిగిలిపోతుంది.

నీళ్లు వంచితే మసకగా, సన్నని పొరల తునకలతో వచ్చాయి. రెండోసారి అదే పని చేశాను. ఈసారి వేలు జారలేదు, కిర్రుమంది. ఫోను టార్చి వేసి లోపల ఒక్క గింజ కూడా మిగల్లేదని చూసుకున్నాకే సోడా కలిపాను: బాటిల్ నిండా గోరువెచ్చని నీళ్లకు రెండు చిన్న చెంచాలు. మూత పెట్టకుండా మూడు గంటలు వదిలేశాను. సోడాతో పాటు వెనిగర్ కూడా పోస్తే ఇంకా బాగా పనిచేస్తుందనుకుంటారు చాలామంది. నాకది నచ్చదు, ఆ రెండూ కలిస్తే ఒకదాని బలం ఒకటి చంపేసుకుంటాయి. పైగా మూత బిగిస్తే పుట్టిన గాలికి బయటికి దారి ఉండదు. వెనిగర్ అవసరం వేరు, ఉప్పునీటి తెల్ల చారలు ఉంటే దాన్ని విడిగా వాడాలి. బ్లీచింగ్ ద్రావణం మాత్రం స్టీలులో పోయను. అందులోని క్లోరిన్ స్టీలును కొరికి చిన్న చిన్న గుంటలు చేస్తుంది, మళ్లీ జిగురు చేరేది ఆ గుంటల్లోనే.

సోడా నానుతుండగా మూత పట్టుకున్నాను. లోపలి రబ్బరు వాషర్‌ను చెంచా మొద్దు కొసతో మెల్లగా లేపి తీశాను. దాని కింద గాడి నిండా నల్లటి జిగట! అమ్మాయి చూసి "అబ్బా" అంటూ వెనక్కి జరిగింది. ఇన్నాళ్లూ బాటిల్‌కు వాసన అంటించడంలో దీని వంతు కూడా ఉండి ఉంటుంది. వాషర్‌ను సబ్బుతో రెండు వైపులా తోమి, గాడిని పాత పళ్ల బ్రష్‌తో గీకి, రెండింటినీ విడివిడిగా ఆరబెట్టాను.

మా ఆయన ప్లాస్టిక్ బాటిల్‌ను కూడా అలాగే కడిగాను, కానీ దాని లోపల గీతలు పడ్డాయి. జిగురు పోయింది, వాసన కొంచెం మిగిలింది. ప్లాస్టిక్ వాసనను లోపలికి పీల్చుకుంటుంది, గీతల్లోకి గింజ వెళ్లదు. ఇంకోసారి సోడాలో ఉంచి చూస్తాను, పోకపోతే దాన్ని పారేయాల్సిందే.

సాయంత్రం స్టీలు బాటిల్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి, మూత పెట్టి పది నిమిషాలు ఆగాము. చల్లని నీళ్లలో వాసన దాగి ఉంటుంది, వెచ్చని నీళ్లలో బయటపడుతుంది. అమ్మాయి మూత తీసి చాలాసేపు ముక్కు పెట్టుకుని, "ఏమీ లేదమ్మా" అంది. ఇప్పుడది రెండు చెంచాల మీద తలకిందులుగా ఉంది, కింద గాలి ఆడేలా. వాషర్ పక్కనే ఆరుతోంది.