అవ్వ తినేది ఒక్క ముద్దే అయితే

అనంతపురం పల్లెల్లో చాలామంది అవ్వలు "ఆకలి లేదు నాయనా" అని చిన్న సంగటి ముద్ద, పల్చటి మజ్జిగతో పూట గడిపేస్తారు. కడుపు నిండుతుంది, కండ కరిగిపోతుంది. వయసు పైబడితే ఆకలి తగ్గుతుంది గానీ ప్రొటీన్ అవసరం తగ్గదు. కిలో బరువుకు రోజుకు కనీసం 1 గ్రాము కావాలి, అంటే 50 కిలోల అవ్వకు 50 గ్రాములు. 100 గ్రాముల రాగిపిండిలో ఉండేది 7 గ్రాములే.

కాబట్టి ముద్ద పెద్దది చేసి బలవంతపెట్టొద్దు, ముద్ద పక్కనుండేది మార్చండి. పొద్దున ఉగ్గానిలో పప్పుల పొడి ఇంకో రెండు చెంచాలు, పక్కన ఒక గుడ్డు. మధ్యాహ్నం నీళ్లచారు బదులు గట్టి పప్పు, శెనక్కాయల ఊరిబిండి (పళ్లు లేకుంటే మెత్తగా నూరాలి, బీపీ ఉంటే ఉప్పు తగ్గించాలి). సాయంత్రం గ్లాసు పాలు. మజ్జిగ ముందే తాగిస్తే ముద్ద దిగదు, తిన్నాకే ఇవ్వండి.

గాజులు వదులైనా, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోయినా బరువు చూడండి. ఆరు నెలల్లో 50 కిలోలు 47.5కి దిగితే డాక్టరుకు చూపించాల్సిందే. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మాత్రం పై లెక్క వర్తించదు, ఎంత ప్రొటీన్ తినాలో డాక్టరే చెప్పాలి.