కొత్త సీల్ వేసినా ఆయిల్ ఎందుకు కారింది?

మియాపూర్ దగ్గర బండ తవ్వుతున్న మా బ్యాక్‌హోలో బకెట్ సిలిండర్ నుంచి ఆయిల్ కారడం మొదలైంది. రాడ్ మీద పల్చటి తడి ఉండటం మామూలే. చుక్కలు పడుతున్నాయంటే మాత్రం సీల్ పట్టడం లేదని లెక్క. కొత్త సీల్ వేయించాం. కొద్దిరోజులకే మళ్లీ అదే కారుడు.

ఈసారి బాలానగర్ మేస్త్రీని పిలిపించాను. "అన్నా, సీల్ సంగతి తర్వాత. ముందు రాడ్ చూద్దాం" అన్నాడాయన. రాడ్ పూర్తిగా బయటికి చాపించి, ఇంజిన్ ఆపించి, గుడ్డతో తుడిచి గోటితో నిలువునా, అడ్డంగా గీకాడు. ఒక పక్కన గోరు పట్టేసింది. చూస్తే పొడుగ్గా గీతలు, అవతలి పక్క అద్దంలా ఉంది.

గీతలు ఒకే పక్కన ఉన్నాయంటే రాడ్ ఒరిగి నడుస్తోందన్నమాట. బకెట్ పిన్ బుష్ అరిగి, బరువు పక్కకి పడుతోంది. పైగా రాడ్ మీది దుమ్ము తుడిచే వైపర్ చిరిగి గ్రానైట్ పొడి లోపలికి పోయింది. అది సిలిండర్ మూత అయిన గ్లాండ్‌లో, రాడ్‌ని పట్టి ఉంచే బుష్‌లో కూరుకుపోయి ఎమరీ పేపర్‌లా రాడ్‌ని గీస్తోంది. అలాంటి రాడ్ మీద ఎన్ని సీళ్లు వేసినా గీతల వెంబడి ఆయిల్ వచ్చేస్తుంది, సీల్ పెదవీ తెగుతుంది.

విప్పడానికి బకెట్‌ని నేల మీద ఆనించి, ఇంజిన్ ఆపి, లివర్లు అటూ ఇటూ ఆడించి ప్రెషర్ వదిలారు. ఇది తప్పించకూడదు. హోస్‌లు తీసి మూతలు పెట్టారు. పిన్‌లు కొట్టి సిలిండర్ దించారు. గ్లాండ్ విప్పి రాడ్‌ని తిన్నగా లాగి, పిస్టన్ నట్ తీశాక గ్లాండ్ బయటికొచ్చింది.

చిన్న గంటు ఒకటే అయితే నూనె రాయితో అంచు నున్నగా చేసి వాడుకోవచ్చు. మా గీతలు క్రోమ్ దాటి ఉక్కు దాకా దిగాయి. అందుకని రాడ్ వంగలేదని డయల్ గేజ్ పెట్టి చూసి, గ్రైండింగ్ చేయించి, హార్డ్ క్రోమ్ వేయించి మళ్లీ సైజుకి తెప్పించాం. బుష్‌లు, పిన్ కొత్తవి వేశాం. సీల్ కిట్‌కి రాణిగంజ్ వెళ్లేటప్పుడు రాడ్ సైజుతో పాటు సీల్ కూర్చునే గాడి లోతు, వెడల్పు కూడా కొలిచి పట్టుకెళ్లాను. పాత సీల్ ఉబ్బిపోయి ఉంటుంది, దాని కొలత నమ్మలేం.

బిగించేటప్పుడు ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. సీల్‌కి హైడ్రాలిక్ ఆయిల్ రాసి, వేళ్లతో నొక్కి చిక్కుడు గింజ ఆకారంలో మడిచి గాడిలోకి వదిలాడు. రాడ్ సీల్ పెదవి లోపలికి, అంటే ఆయిల్ వైపుకి ఉండాలి. వైపర్ పెదవి బయటికి. రాడ్ చివర మరలు సీల్‌ని కోయకుండా టేపు చుట్టి గ్లాండ్ ఎక్కించాడు. టేపు తీసేశాక పిస్టన్ నట్‌ని మాన్యువల్లో ఉన్న టార్క్‌కి బిగించాడు.

సిలిండర్‌ని బండికి ఎక్కించాక బరువు లేకుండా మెల్లగా చాపుతూ ముడుస్తూ గాలి పోనిచ్చి, ట్యాంకులో ఆయిల్ సరిచూశాం. తర్వాత బండ మీద పని పెట్టించి, ఆపి, రాడ్ చుట్టూ చూశాను. పల్చటి తడే ఉంది, చుక్క లేదు.