కుట్లు మానాయి, మరి నొప్పెందుకు?

పాప పుట్టాక ఐదో నెలలో గాజువాకలో అమ్మ వాళ్ళింటి నుంచి మధురవాడ వచ్చేశాను. కుట్లు ఎప్పుడో మానిపోయాయి, ఆరు వారాల చెకప్‌లో అంతా బాగుందన్నారు, కానీ మేమిద్దరం మళ్ళీ దగ్గరైన మొదటి రాత్రే బ్లేడుతో గీసినట్టు మంట, నేను పళ్ళు బిగించుకుని ఊరుకున్నా. రెండోసారీ అంతే. ఇక ఆయన పక్కకొచ్చి పడుకుంటే చాలు నా తొడలు వాటంతటవే బిగుసుకుపోయేవి, కోరిక అన్న మాటే గుర్తొచ్చేది కాదు. దానికి తోడు వదులైన పొట్ట, పాలు కారి తడిసిన నైటీ, నన్ను చూస్తే నాకే చిరాకు.

ఆయన కూడా మెల్లగా హాల్లో పడుకోవడం మొదలెట్టారు. నా ఒళ్ళు చూసి విసుగొచ్చిందేమో అనుకున్నా, ఇంకేమనుకుంటాను!

చివరికి ఒక లేడీ డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆవిడ పరీక్ష చేసి, కుట్ల తప్పు కాదమ్మా, పాలిచ్చేటప్పుడు ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువుంటుంది, దానివల్ల ఈస్ట్రోజెన్ అనే ఇంకో హార్మోన్ తగ్గి లోపలి చర్మం పల్చబడి పొడిబారిపోతుంది, నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్ళకి అయినట్టే అన్నారు. నొప్పి వస్తుందని ఒళ్ళు ముందే బిగుసుకోవడంతో మంట ఇంకా పెరుగుతుందట. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, మనసు బాగోకపోయినా కోరిక పోతుందని అవీ అడిగి టెస్టులు రాశారు, నాకవన్నీ బాగానే ఉన్నాయి. తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీమ్ రెండు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి 2 సార్లు లోపల రాయమన్నారు, పాలకేం ఇబ్బంది ఉండదన్నారు. నీళ్ళతో చేసిన లూబ్రికెంట్ కూడా వాడమన్నారు. మా ఆయన కొబ్బరినూనె పనికిరాదా అని అడిగారు (ఆ ధైర్యానికి నేనే షాక్), కండోమ్ రబ్బరు నూనెకి పాడవుతుంది, పాలిస్తున్నా గర్భం రావచ్చు బాబూ అన్నారావిడ. నొప్పి పోయేదాకా అసలు ప్రయత్నమే వద్దన్నారు, ఆ మాటకే నాకు సగం ఊపిరొచ్చింది.

వస్తూ బీచ్ రోడ్డులో బండాపి అడిగేశా, హాల్లో ఎందుకు పడుకుంటున్నారని. కాసేపు సముద్రంకేసి చూసి, "ఆ రోజు లేబర్ రూమ్ బయట నీ అరుపులు విన్నాను, నిన్ను ముట్టుకుంటే మళ్ళీ నొప్పి పెడతానేమోనని భయం. నువ్వు పళ్ళు బిగించుకోవడం నాకు తెలీలేదనుకున్నావా" అన్నారు. నేను దాచాననుకున్నదే ఆయన్ని తరిమేసిందన్నమాట!

ఆ రాత్రి మంచం మీదకొచ్చేశారు. నెల రోజులు ఏ పనీ లేకుండా వీపు రాయడం, రెండు గంటల ఫీడ్ అయ్యాక పాపని తేన్పించి పడుకోబెట్టడం, అంతే. ఆరో వారానికి మంట పోయింది. కోరిక మాత్రం పాప అన్నం తినడం మొదలెట్టి, పాలు తగ్గి, నెలసరి వచ్చాకే కొంచెం కొంచెంగా వచ్చింది, అదీ నిద్ర పట్టిన రోజుల్లో.

మొన్న అత్తయ్య ఆ ట్యూబు చూసి పాప ఒరుపుకి రాసేదేటమ్మా అని అడిగారు. ఆయన టక్కున లాక్కుని జేబులో పెట్టేసుకున్నారు.