కళ్ళు మూస్తే పనులే

"పది నిమిషాలు కూర్చుంటే పదిహేను పనులు గుర్తొస్తున్నాయి, ధ్యానం నాకు రాదేమో" అని ఈరోజు ఒక మిత్రుడు దిగులుపడ్డాడు.

వరస తారుమారైంది, అంతే. గీత 6వ అధ్యాయం 3వ శ్లోకం ఈ సంగతే చెబుతుంది: యోగంలోకి ఎక్కాలనుకునేవాడికి కర్మ సాధనం, ఎక్కినవాడికి శమం, అంటే మనసు నెమ్మదించడం.

కర్మయోగానికి ఒక్క పని చాలు. ముసలి తల్లికి మందులివ్వడమే అనుకోండి. వేళకి, శ్రద్ధగా ఇవ్వాలి. ఆవిడ మెచ్చుకోవాలన్న లెక్క మాత్రం వదలాలి. చాలామంది ఇక్కడే జారతారు, ఫలం వదలడమంటే శ్రద్ధ వదలడం అనుకుని. మెచ్చుకోలు రాని రోజు చిరాకు వచ్చిందా? లెక్క ఇంకా లోపల ఉన్నట్టే. అది తగ్గేకొద్దీ, కూర్చున్నప్పుడు ఆలోచనలూ పలచబడతాయి.

భాగవతం 11వ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి చెప్పిన కొలత నాకెంతో ఇష్టం. కర్మల మీద విరక్తి కలిగినవాడికి జ్ఞానం, కోరికలు తీరనివాడికి కర్మ. మరీ విరక్తీ, మరీ తగులమూ లేక, భగవంతుడి కథల మీద శ్రద్ధ కలిగినవాడికి భక్తి. విరక్తి లేకుండా జ్ఞానం పట్టుకుంటే "అహం బ్రహ్మాస్మి" నోటి దగ్గరే ఆగిపోతుంది. ఎవరైనా ఒక్క మాటంటే చాలు, కోపం ముంచేస్తుంది.

మా మిత్రుడికి ఆ కథలంటే ప్రాణం. అందుకే ధ్యానం ఐదు నిమిషాలకి తగ్గించి, ముందు కాసేపు జపం చెయ్యమన్నాను.