నాలుక రంగు, రెండో శబ్దం

పిల్లల వార్డులో మా ప్రొఫెసర్ గారిది ఒక కట్టుబాటు. పుట్టుకతో గుండె జబ్బున్న బిడ్డ దగ్గర స్టెతస్కోపు తీయకముందే చెప్పాలి: రక్తం ఎటు నుంచి ఎటు మళ్లుతోంది? ఎడమ నుంచి కుడికైతే శుభ్రమైన రక్తమే మళ్లీ ఊపిరితిత్తులకు పోతుంది. బిడ్డ నీలబడడు, పాలు తాగుతూ ఆయాసపడి చెమటలు పోస్తాడు, తరచూ న్యుమోనియాతో వస్తాడు. కుడి నుంచి ఎడమకైతే చెడు రక్తం ఒంట్లోకి చేరి నాలుక నీలబడుతుంది, వీళ్లది నీలి జట్టు. గోళ్లు చలికి కూడా నీలబడతాయి కాబట్టి ఆయన వాటిని నమ్మనిచ్చేవారు కాదు.

ఒకసారి నాలుగేళ్ల పాప వచ్చింది. పంపినవారి చీటీలో వీఎస్‌డీ అని ఉంది, అంటే గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం. నాలుక పాలిపోయి ఉంది, నీలం లేదు. రొమ్ము ఎముక ఎడమ అంచున మర్మర్, అంటే రక్తం సుడితిరిగే అదనపు చప్పుడు, గట్టిగానే వినిపించింది. చీటీ నిజమేననిపించింది.

ప్రొఫెసర్ గారు తల్లినే అడుగుతూ పోయారు. న్యుమోనియా ఒక్కసారీ రాలేదట. నాలుగడుగులు నడిస్తే చాలు, గొంతుక్కూర్చుంటుందట. పాప వేళ్ల కొసలు ఉబ్బి ఉన్నాయి. ఇవన్నీ నీలి జట్టు గుర్తులే. ఆపైన రెండో గుండె శబ్దం వినమన్నారు, గుండె నుంచి బయటికి పోయే రెండు ధమనుల కవాటాలు మూసుకునే చప్పుడది. పెద్ద వీఎస్‌డీలో ఊపిరితిత్తుల ధమని కవాటం మూసుకునే చప్పుడు బలంగా ఉండాలి. ఇక్కడ అది వినిపించనే లేదు, రెండో కవాటం చప్పుడు ఒక్కటే ఉంది. ఆ కవాటం దారి ఇరుకైపోయిందన్నమాట. మర్మర్ వచ్చేది ఆ ఇరుకు నుంచి. రంధ్రం పెద్దది, రెండు గదుల్లో ఒత్తిడి సమానం కాబట్టి అది చప్పుడు చేయదు. పెద్ద రంధ్రం, ఇరుకు దారి కలిసి ఉండే ఈ జబ్బు ఫాలో టెట్రాలజీ, నీలి జట్టుది.

మరి నీలం ఏదీ? ఆయన చాక్‌పీసు అందుకున్నారు. నీలం కంటికి కనబడాలంటే ఆక్సిజన్ లేని హిమోగ్లోబిన్ డెసిలీటరుకు దాదాపు 5 గ్రాములు కావాలి. పాపకు మొత్తం 8 గ్రాములే. అందులో నాలుగో వంతుకు ఆక్సిజన్ లేకున్నా తేలేది 2 గ్రాములు. 20 గ్రాములున్న బిడ్డకు అదే నాలుగో వంతు 5 గ్రాములవుతుంది. ఇప్పుడైతే వేలికి పల్స్ ఆక్సీమీటరు పెడితే నిమిషంలో గుట్టు బయటపడుతుంది, అప్పట్లో మా వార్డులో అది లేదు.

ఐరన్ మొదలుపెట్టారు. కొన్ని వారాల తర్వాత తల్లి కోపంగా వచ్చింది: "మీ మందుతో నా బిడ్డ నల్లబడిందయ్యా!" రక్తం పట్టింది, దాగిన నీలం బయటపడింది. ఆమెను కూర్చోబెట్టి ఆ సంగతి విడమరిచి చెప్పి, ఆపరేషన్‌కు చీటీ రాసిచ్చారు.

జట్టు మారడమూ ఉంటుంది. పెద్ద వీఎస్‌డీని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి రక్తం ఎదురు తిరుగుతుంది. అప్పుడు మర్మర్ తగ్గిపోతుంది, దాన్ని చూసి ఇంట్లోవాళ్లు నయమైందనుకుంటారు. ఊపిరితిత్తుల ధమనికీ బృహద్ధమనికీ మధ్య నాళం పుట్టాక కూడా మూసుకోకపోవడం పీడీఏ. అందులో రక్తం ఇలా తిరగబడితే చేతివేళ్లు ఎర్రగానే ఉంటాయి, కాలివేళ్లు నీలబడతాయి. ఆయన రౌండ్లలో పిల్లల కాళ్ల మీద దుప్పటి ఉంచనిచ్చేవారు కాదు.