మానిటర్ మార్చే ముందు మిల్లీసెకన్లు లెక్కేసుకోవాలి

ఆదివారం, సాయంత్రం

ఇవాళ ధ్యాసంతా ఒకే ప్రశ్న మీద ఉంది. 1080p మానిటర్ తీసేసి 1440p పెట్టుకుంటే ఉన్న గ్రాఫిక్స్ కార్డు తట్టుకుంటుందా? కార్డు పేరు చూసి జవాబు చెప్పేసేవాళ్ళే ఎక్కువ. నా దృష్టిలో అది సగం జవాబే. ఒక్కో ఫ్రేముకి ప్రాసెసర్‌కి ఎంతసేపు పడుతోంది, కార్డుకి ఎంతసేపు పడుతోంది అన్న రెండు సంఖ్యలూ తెలిస్తేనే పూర్తి జవాబు దొరుకుతుంది.

గేమ్‌లో ప్రతి ఫ్రేముకీ ముందు ప్రాసెసర్ పని చేయాలి. ఏ పాత్ర ఎక్కడుంది, ఏ వస్తువు దేన్ని ఢీకొంది, తెరమీద ఏమేం గీయాలి అన్నవి తేల్చి, గీయమనే ఆదేశాలు కార్డుకి పంపుతుంది. వీధిలో వందమంది ఉంటే ఆ వందమంది కదలికలనీ లెక్కించాలి. తెరమీద ఎన్ని పిక్సెల్స్ ఉన్నాయన్నది ఈ లెక్కలకి దాదాపు అక్కర్లేదు. కార్డు పని వేరు. అది ఒక్కో పిక్సెల్‌కీ రంగు, వెలుగు, నీడ లెక్కగట్టాలి. 1920×1080లో ఉన్నవి సుమారు 20.7 లక్షల పిక్సెల్స్. 2560×1440లో 36.9 లక్షలు, అంటే 1.78 రెట్లు. 4K అనే 3840×2160కి వెళ్తే 82.9 లక్షలు, సరిగ్గా నాలుగు రెట్లు.

అలాగని కార్డుకి పట్టే సమయం కూడా సరిగ్గా అన్ని రెట్లు పెరగదు. నీడల మ్యాపులు తయారుచేయడం, త్రికోణాలని వాటి స్థానాల్లోకి తేవడం లాంటి పనులు రిజల్యూషన్ మారినా ఇంచుమించు అంతే ఉంటాయి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ప్రాసెసర్‌కి ఫ్రేముకి 10 మిల్లీసెకన్లు పడుతోందనుకుందాం. 1080pలో కార్డుకి 6 మిల్లీసెకన్లు, అందులో 1.5 మారని పని, 4.5 పిక్సెల్స్ పని. ప్రాసెసరూ కార్డూ పక్కపక్కనే పనిచేస్తాయి కాబట్టి వేగాన్ని తేల్చేది ఆ రెండింటిలో నెమ్మదిగా ఉన్నది. ఇక్కడ అది ప్రాసెసర్, కాబట్టి వచ్చేది సెకనుకి 100 ఫ్రేములు. కార్డు మిగతా 4 మిల్లీసెకన్లూ ఖాళీగా ఉంటుంది, దాని వాడకం 60 శాతం దగ్గర కనిపిస్తుంది.

ఇప్పుడు 1440p. 4.5ని 1.78తో హెచ్చిస్తే 8, మారని 1.5 కలిపితే 9.5. ఇంకా ప్రాసెసర్ తీసుకునే పదికి లోపలే ఉంది. ఫ్రేములు 100 దగ్గరే ఉంటాయి, బొమ్మ మాత్రం స్పష్టంగా మారుతుంది. అదే 4Kలో అయితే 18, దానికి 1.5 కలిపి 19.5 మిల్లీసెకన్లు. ఫ్రేములు 51కి పడిపోతాయి. కార్డు ఒక్కటే, గేమ్ ఒక్కటే. అయినా 1440p మానిటర్‌తో వేగం ఏమీ తగ్గలేదు, 4Kతో సగం వేగం పోయింది.

ఈ లెక్క నుంచే ఒక అపోహ కూడా పుడుతుంది. "రిజల్యూషన్ పెంచితే ప్రాసెసర్ మీద భారం తగ్గుతుంది" అంటుంటారు. ఫ్రేముకి పట్టే భారం తగ్గదు, అదే పది మిల్లీసెకన్లు. సెకనుకి తయారయ్యే ఫ్రేములు తగ్గాయి కాబట్టి ప్రాసెసర్ వాడకం శాతం తగ్గి కనిపిస్తుందంతే. రద్దీగా ఉన్న కూడలిలో ప్రాసెసర్‌కి ఒక్కో ఫ్రేము 30 మిల్లీసెకన్లు పడుతుంటే, ఆ కుదుపు 4Kలోనూ అలాగే ఉంటుంది. దాన్ని మానిటర్ మార్చి పోగొట్టలేం. జనసమ్మర్దం, చూపుమేర లాంటి సెట్టింగులు తగ్గించాలి, లేదా ప్రాసెసరే మార్చాలి. అల్ట్రావైడ్ తెర సంగతి కొంచెం వేరు. పక్కల ఎక్కువ దృశ్యం కనిపిస్తే గీయాల్సిన వస్తువులూ పెరుగుతాయి కాబట్టి అక్కడ ప్రాసెసర్ పని కూడా కాస్త పెరగొచ్చు.

మరి మన దగ్గర నెమ్మదిగా ఉన్నది ఏదో ఎలా తెలుస్తుంది? ముందు ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే వి-సింక్, ఫ్రేమ్ పరిమితి రెండూ తీసేయాలి. అవి ఉంటే రెండు భాగాలూ తీరిగ్గా ఉన్నట్టే కనిపించి కొలత తప్పుతుంది. తర్వాత గేమ్‌లో రద్దీ ఉన్న చోట నిలబడి రిజల్యూషన్ 720pకి దించాలి. ఫ్రేములు బాగా పెరిగితే అడ్డం కార్డు. ఏమీ పెరగకపోతే అడ్డం ప్రాసెసర్. కార్డు వాడకం 95 శాతం దాటి నిలకడగా ఉన్నా కార్డే అడ్డమని అర్థం. ప్రాసెసర్ మొత్తం శాతాన్ని మాత్రం నమ్మకూడదు. 16 థ్రెడ్లున్న ప్రాసెసర్‌లో గేమ్ ప్రధాన థ్రెడ్ ఒక్కటి పూర్తిగా నిండినా మొత్తం మీద అది 6 శాతమే. మిల్లీసెకన్లలోనే చూడాలంటే ఫ్రేము సమయాలు కొలిచే PresentMon అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో GPU Busy అన్న విలువ ఫ్రేము సమయానికి దగ్గరగా ఉంటే కార్డు అడ్డం, బాగా తక్కువగా ఉంటే కార్డుకి ఇంకా తీరిక ఉందన్నమాట.

అన్నిటికన్నా నాకు నచ్చే సంగతి, కొత్త మానిటర్ కొనకుండానే దాని భారం కొలవొచ్చు. ఎన్‌విడియా కార్డయితే NVIDIA Control Panelలో Manage 3D settings తెరిచి, DSR - Factors దగ్గర 1.78x టిక్ పెట్టాలి. అప్పుడు 1080p మానిటర్ మీదే గేమ్ రిజల్యూషన్ల జాబితాలో 2560×1440 కనిపిస్తుంది. 4.00x పెడితే 3840×2160 వస్తుంది. ఏఎమ్‌డీ కార్డులకి డ్రైవర్‌లో Virtual Super Resolution ఇదే పని చేస్తుంది. గేమ్ బోర్డర్‌లెస్ విండోలో నడుస్తుంటే ముందు విండోస్ డెస్క్‌టాప్ రిజల్యూషన్‌నే మార్చుకోవాలి, లేకపోతే కొత్తది జాబితాలో రాకపోవచ్చు. కార్డు నిజంగానే అన్ని పిక్సెల్సూ గీసి, తర్వాత బొమ్మని కుదిస్తుంది. కాబట్టి ఇక్కడ వచ్చిన ఫ్రేముల సంఖ్య అసలు మానిటర్ మీద వచ్చేదానికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఈ పరీక్షలో సగటు ఒక్కటే చూసి ఊరుకోకూడదు. సగటు బాగానే ఉండి, అన్నిటికన్నా నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగాన్ని చెప్పే 1% Low అనే విలువ మాత్రం కూలిపోతే కార్డు మెమరీ నిండిందేమోనని అనుమానించాలి. పట్టని టెక్స్చర్లు కంప్యూటర్ ర్యామ్ నుంచి రావాల్సి వచ్చి, కెమెరా తిప్పినప్పుడల్లా గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. టెక్స్చర్ నాణ్యత ఒక మెట్టు దించగానే అది పోతే అనుమానం నిజమే.

తక్కువ రిజల్యూషన్‌లో గీసి బొమ్మని తెరకి తగ్గట్టు పెంచే అప్‌స్కేలింగ్ వాడే ఉద్దేశం ఉంటే లెక్క మారుతుంది. 4K తెర మీద ఎన్‌విడియా వారి అప్‌స్కేలింగ్ డీఎల్ఎస్ఎస్‌ని Qualityలో పెడితే కార్డు లోపల గీసేది 2560×1440 మాత్రమే. పై ఉదాహరణలో 9.5 మిల్లీసెకన్లకి అప్‌స్కేలింగ్‌కి ఒకటిన్నర కలిపితే 11, అంటే 90 ఫ్రేములు. దాన్ని Performanceకి దించితే లోపల 1080p గీస్తుంది, కానీ వేగం వందని దాటదు. మళ్ళీ ప్రాసెసర్ పది మిల్లీసెకన్లే అడ్డం వస్తాయి.

ఇవన్నీ చూశాక, 1080pలో కార్డు వాడకం 60-70 శాతం దగ్గరే ఉంటున్నవాళ్ళకి 27 అంగుళాల 1440p నిస్సంకోచంగా మంచిదంటాను. 27 అంగుళాల మీద 1080p అంటే అంగుళానికి 82 పిక్సెల్సే, 1440p అయితే 109. 1080pలోనే కార్డు 98 శాతం నిండి 60 ఫ్రేములు అందక ఇబ్బంది పడుతుంటే మాత్రం ఆ డబ్బు ముందు కార్డుకే పెట్టాలి. "అవసరమైతే గేమ్‌ని 1080pకి దించుకోవచ్చులే" అనుకుని 1440p కొనడం కూడా మంచిది కాదు. 1440కీ 1080కీ నిష్పత్తి 1.33, ఒక పిక్సెల్ సరిగ్గా కొన్ని పిక్సెల్స్‌గా విడిపోదు, అక్షరాలు మసకబారతాయి. 4K తెర మీద అయితే 1080p పిక్సెల్ ఒక్కోటీ రెండు బై రెండుగా కచ్చితంగా సరిపోతుంది. అయితే డ్రైవర్‌లో ఇంటీజర్ స్కేలింగ్ ఆన్ చేసినప్పుడే ఆ స్పష్టత కనిపిస్తుంది.