ఫ్లోరైడ్ వ్యాసంలో ‘ప్రయోగ పద్ధతి’ని తెలుగులోకి తెచ్చిన అనుభవం

మా విశ్వవిద్యాలయం తెలుగు విజ్ఞాన పత్రిక కోసం రసాయనశాస్త్ర విభాగంలోని ఒక మేడమ్ రాసిన ఇంగ్లీషు వ్యాసాన్ని అనువదించే పని నాకు వచ్చింది. నల్లగొండ జిల్లా బోరుబావుల నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలిచిన పరిశోధన అది. ముందుమాట, ఫలితాలు, చర్చ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. రెండు పేజీల ప్రయోగ పద్ధతి మాత్రం మిగతా వ్యాసమంతా కలిపి తీసుకున్నంత సమయం తీసుకుంది.

పద్ధతి భాగాన్ని మొదట పుస్తకం ముందు పెట్టుకుని కాకుండా ల్యాబ్‌లో కూర్చుని చదివాను. కొలిచే పరికరం ఫ్లోరైడ్ అయాన్‌కు మాత్రమే స్పందించే ఎలక్ట్రోడ్. దాని కొనలో లాంథనమ్ ఫ్లోరైడ్ స్ఫటికం ఉంటుంది. నీటిలో ఫ్లోరైడ్ గాఢత మారితే ఆ స్ఫటికం దగ్గర వోల్టేజి మారుతుంది, మీటరు దాన్ని మిల్లీవోల్టుల్లో చూపిస్తుంది. 25 డిగ్రీల దగ్గర గాఢత పది రెట్లు పెరిగితే రీడింగు సుమారు 59 మిల్లీవోల్టులు తగ్గుతుంది. తెలిసిన గాఢతలున్న ప్రామాణిక ద్రావణాలతో ముందు ఒక గీత గీసుకుంటారు, తర్వాత బోరునీటి రీడింగును ఆ గీత మీద చూసి గాఢత తెలుసుకుంటారు.

నీటిని నేరుగా కొలవరు. ప్రతి నమూనాకు అంతే పరిమాణంలో టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలుపుతారు. అది ఆమ్లత్వాన్ని పిహెచ్ 5 నుంచి 5.5 మధ్య నిలబెడుతుంది, అల్యూమినియమ్, ఇనుము పట్టేసుకున్న ఫ్లోరైడ్‌ను విడిపిస్తుంది. నమూనాకు కలిపినట్టే ప్రామాణిక ద్రావణాలకూ కలుపుతారు కాబట్టి చివర్లో జవాబును రెండుతో హెచ్చించనక్కర్లేదు. ఈ మాట ఇంగ్లీషులో విడిగా లేదు, చదివేవారు అర్థం చేసుకుంటారని వదిలేశారు. పీజీ విద్యార్థి ఎవరైనా తెలుగు వ్యాసం పట్టుకుని ఇదే ప్రయోగం చేస్తే తప్పకుండా రెట్టింపు చేస్తాడనిపించి, మేడమ్‌ను అడిగి ఒక వాక్యం చేర్చాను.

అసలు చిక్కు క్రియాపదాలతో మొదలైంది. ఇంగ్లీషులో ప్రతి వాక్యం ‘కలపబడింది, తిప్పబడింది, కొలవబడింది’ అన్న ధోరణిలో ఉంది. పత్రిక వాళ్లు మొదట అలాగే కావాలన్నారు, శాస్త్రీయంగా ఉంటుందని. ‘బడు’ వాక్యాల్లో నాలుగు పనులు వరుసగా వస్తే ఏది ముందో, ఏది తర్వాతో పోల్చుకోవడం కష్టం. తెలుగులో పని క్రమం దానంతట అదే వస్తుంది: నమూనాను ల్యాబ్ ఉష్ణోగ్రతకు తెచ్చి, టిసాబ్ కలిపి, మూడు నిమిషాలు తిప్పి, రీడింగు తీసుకున్నాం. అయితే ఇలాంటి వాక్యం మరీ పొడుగైతే సమయాలూ పరిమాణాలూ అందులో కొట్టుకుపోతాయి. అందుకని అంకె ఉన్న ప్రతి పనికీ, రీడింగును మార్చగల ప్రతి జాగ్రత్తకూ విడి వాక్యం ఇచ్చాను. ‘బీకరు కింద థర్మాకోల్ ముక్క పెట్టాం’ అన్నది అలాంటి చిన్న వాక్యమే. అయస్కాంతంతో తిప్పే పరికరం కాసేపటికి వేడెక్కుతుంది, ఆ వేడి ద్రావణానికి ఎక్కితే రీడింగు మారిపోతుంది. ఇంగ్లీషులో ఇది ఒక పెద్ద వాక్యం చివర కామా తర్వాత నక్కి ఉంది.

‘కొలిచాం’ అని రాయగానే తెలుగు వాక్యం కొన్ని ప్రశ్నలు వేస్తుంది. ఇంగ్లీషులో ‘ఫలితాలు మూడు నిర్ధారణల సగటు, ప్రామాణిక విచలనం’ అని ఉంది. మూడు అంటే ఏ మూడు? ఒకే బీకరులో ఎలక్ట్రోడ్‌ను మూడుసార్లు ముంచి చూసిన రీడింగులా? ఒకే సీసాలోంచి మూడు విడి బీకర్లలో పోసి, విడివిడిగా టిసాబ్ కలిపి కొలిచినవా? లేక అదే బోరు నుంచి మూడు సీసాల్లో పట్టిన నీళ్లా? మొదటిది మీటరు నిలకడ ఎంతో చెబుతుంది. రెండోది మన చేతి పనిలోని తేడాను కూడా పట్టుకుంటుంది. మూడోది బోరు నీటిలోనే ఉండే హెచ్చుతగ్గులను కూడా కలుపుకుంటుంది. ముందు ప్లస్ ఆర్ మైనస్ గుర్తు వేసి రాసే అంకె మూడు చోట్లా ఒకలాగే కనిపిస్తుంది, అర్థం వేరు.

ఫోన్ చేసి అడిగాను. “ఒకే సీసా సార్, మూడు బీకర్లు. ప్రతి బీకరుకూ టిసాబ్ వేరుగా పిపెట్ చేశాం,” అన్నారు మేడమ్. దాంతో తెలుగు వాక్యం ఇలా కుదిరింది: ‘ప్రతి సీసాలోని నీటి నుంచి మూడు భాగాలు తీసి, వేటికవే టిసాబ్ కలిపి కొలిచాం. ఇచ్చిన విలువ ఆ మూడింటి సగటు.’ ఇంగ్లీషుకంటే పొడుగే. పత్రిక సంపాదకుడు కుదించమన్నారు, నేను ఒప్పుకోలేదు. ఆ మాటలు తీసేస్తే పక్కనున్న అంకె దేనికి చెందిందో తెలియకుండా పోతుంది.

ఒక బోరు విషయం వివరంగా చెబుతాను. మూడు బీకర్లలో లీటరుకు 1.40, 1.47, 1.51 మిల్లీగ్రాములు వచ్చాయి. సగటు 1.46. విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే ప్రామాణిక విచలనం లెక్కిస్తే 0.056, అంటే 0.06. వ్యాసంలో 1.46 ± 0.06 అని ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ 1.5. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 1.0 వరకు ఉండొచ్చు, వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా అనుమతి. అంటే ఈ బోరు సరిగ్గా గీత దగ్గరే ఉంది.

నాకంటే ముందు ఎవరో చేసి వదిలేసిన చిత్తుప్రతిలో ఈ వాక్యం ‘కొలతలో 0.06 తప్పు ఉంది’ అని ఉంది. నల్లగొండ పాఠకుడు అది చదివితే ల్యాబ్ వాళ్లు పొరపాటు చేశారనుకుంటాడు. ఎవరూ పొరపాటు చేయలేదు. అన్నీ సరిగ్గా చేసినా మూడు బీకర్లూ ఒకే అంకె ఇవ్వవు. ఈ ఎలక్ట్రోడ్‌తో ఒక్క మిల్లీవోల్టు అటూ ఇటూ అయితే గాఢతలో దాదాపు 4 శాతం తేడా వస్తుంది, 1.46కి అది 0.06 దాకా వెళుతుంది. కాబట్టి ఆ అంకె ఈ పద్ధతికి సహజమైన చెదురే. ఇంటర్ భౌతికశాస్త్రం పుస్తకాల్లో ఉన్న ‘దోషం’ అనే మాటను వదలలేదు కానీ, ఈ చోట ‘అనిశ్చితత్వం’ అని రాశాను. ఎటు ఉందో తెలిసిన తేడాకు, ఎటు పడుతుందో చెప్పలేని చెదురుకు ఒకే మాట వాడితే పద్ధతి భాగం చివరి పేరా అర్థం కాదు.

ఇంకో చిత్తు వాక్యం ‘1.40 నుంచి 1.52 మధ్య మాత్రమే ఉంటుంది’ అంది. ఆ ‘మాత్రమే’ చాలా ప్రమాదం. ప్రామాణిక విచలనం గోడ కాదు, మళ్లీ కొలిస్తే దాని బయట పడే విలువలూ వస్తాయి. అందులోనూ మూడే కొలతలు. ఈ బోరు నీరు 1.5 లోపే ఉందని ఆ మూడింటితో గట్టిగా చెప్పలేం. నేను ‘మూడు కొలతల సగటు 1.46, ప్రామాణిక విచలనం 0.06’ అని విప్పి రాసి, గుర్తును పట్టికలో మాత్రమే ఉంచాను.

చివరి పేరాలో ఉన్నది ఒకే వైపు లాగే దోషం. టిసాబ్ ఉన్నా నీటిలోని అల్యూమినియమ్ కొంత ఫ్లోరైడ్‌ను వదలకపోతే మూడు బీకర్లూ చక్కగా ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి, కానీ మూడూ తక్కువే చూపిస్తాయి. ఎన్నిసార్లు కొలిచి సగటు తీసినా ఇది బయటపడదు. దీన్ని పట్టుకోవడానికి మేడమ్ వాళ్లు అదే నీటికి లీటరుకు సరిగ్గా 1.00 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ పెరిగేలా కలిపి మళ్లీ కొలిచారు. 2.46 రావాలి, 2.43 వచ్చింది. అంటే కలిపిన 1.00లో 0.97 మాత్రమే కొలతకు దొరికింది, 97 శాతం. ఇంగ్లీషులో దీన్ని రికవరీ అంటారు. ల్యాబ్‌లో అందరూ అదే అంటారు కాబట్టి రికవరీ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘కలిపిన దానిలో తిరిగి కొలతకు దొరికిన భాగం’ అని వాక్యంలోనే చెప్పాను. దగ్గరదగ్గరగా రావడాన్ని ఖచ్చితత్వం అని, నిజ విలువకు దగ్గరగా ఉండడాన్ని యథార్థత అని వ్యాసమంతా ఒకే తీరుగా వాడాను.

ఇంత చేశాక అసలు టెన్షన్ ప్రూఫుల దగ్గర. పత్రిక పాత డీటీపీ ఫాంటులో కూర్చుతుంది. యూనికోడ్ నుంచి మార్చినప్పుడు ప్లస్ ఆర్ మైనస్ గుర్తు కొన్ని చోట్ల ఏదో తెలుగు ఒత్తుగా మారింది. మైనస్ 59లోని మైనస్ ఒక చోట పంక్తి చివర పడి, మాటను విడదీసే చిన్న గీతలా కనిపించింది. గాఢత పెరిగితే గీత కిందికి వాలుతుందని చెప్పేది ఆ మైనస్సే, అది పోతే ఈ ఎలక్ట్రోడ్ వ్యతిరేక దిశలో పనిచేస్తుందన్నట్టు అవుతుంది. అందుకని మొత్తం చదవడానికి ముందు అంకెలూ గుర్తులూ మాత్రమే ఇంగ్లీషు ప్రతితో సరిచూశాను. ఒకరు ఇంగ్లీషు ప్రతి లోంచి అంకెలు పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫులో వేలు పెట్టి చూడాలి. ఒంటరిగా చేస్తే కన్ను దాటేస్తుంది.

అలా చదువుతుంటే మరొకటి దొరికింది. లీటరుకు 100 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉండే మూల ద్రావణం కోసం 0.2210 గ్రాముల సోడియమ్ ఫ్లోరైడ్ తూచారు. ప్రూఫులో 0.221 అయింది, చివరి సున్నా దండగనుకుని ఎవరో తీసేశారు. ఆ సున్నా వల్లే అది గ్రాములో పదివేలవ వంతు వరకు చూపే త్రాసు మీద తూచారని తెలుస్తుంది. 0.221 అంటే మూడో దశాంశం వరకే నమ్మకం. సున్నా తిరిగి పెట్టించి, పక్కన మార్జిన్‌లో ‘ఉంచండి’ అని రాశాను.

పట్టికలో మరో గొడవ మిగిలింది. రెండు బోర్లకు ఇంగ్లీషులో ‘గుర్తింపు పరిమితికంటే తక్కువ’ అని ఉంటే, గడి చిన్నదని ‘లేదు’ అని కూర్చారు. ఆ ప్రయోగంలో గుర్తింపు పరిమితి లీటరుకు 0.1 మిల్లీగ్రాము. ఆ నీటిలో 0.05 ఉండొచ్చు, 0.09 ఉండొచ్చు, ఈ పద్ధతికి అందదు అంతే. రెండు గడుల్లోనూ ‘0.1 కంటే తక్కువ’ అని అచ్చయింది.